తొమ్మిది లీటర్ల తేట, పావుకిలో రికోటా

పది లీటర్ల ఆవుపాలతో చీజ్ చేస్తే చేతికొచ్చేది దాదాపు కిలో. మిగతా తొమ్మిది లీటర్లూ తేటే. అది పాలలా తెల్లగా ఉండదు, మంచినీళ్లలా స్వచ్ఛంగానూ ఉండదు. లేత పసుపులో కాస్త ఆకుపచ్చ కలిసినట్టుంటుంది. ఆ రంగు అందులో కరిగి ఉన్న బి2 విటమిన్‌ది. చుక్క నాలుక మీద వేసుకుంటే సన్నటి తీపి తెలుస్తుంది. ఇటలీలో ఈ తేటను పారబోయరు. చీజ్ తీసిన వెంటనే దాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టి, వేడికి పైకి తేలే తెల్లటి మెత్తటి ముద్దను చిల్లుల గరిటెతో తీసి, చిన్న చిన్న బుట్టల్లో ఓడుస్తారు. అదే రికోటా. రోమ్ చుట్టూ ఉన్న లాజియో ప్రాంతంలో గొర్రెపాల తేటతో చేసే ‘రికోటా రొమానా’ పేరుకు 2005లో ఐరోపా సమాఖ్య రక్షణ కూడా ఇచ్చింది. వేరేచోట చేసినదాన్ని ఆ పేరుతో అమ్మకూడదు.

ఇంట్లో మొజరెల్లా, చెడార్ లాంటివి చేసుకోవడం మొదలుపెట్టిన మనవాళ్లు కూడా ఇప్పుడు తక్కువేమీ లేరు. వాళ్లు తేటను చూసి రికోటా మీద ఆశపడతారు. తొమ్మిది లీటర్ల గిన్నె పెడితే కనీసం ఒక కిలో అయినా రాదా అనుకుంటారు. గంట సేపు పొయ్యి దగ్గర నిలబడ్డాక గుడ్డలో మిగిలేది పావుకిలో, మహా అయితే మూడొందల గ్రాములు. దాంతో ఎక్కడో తప్పు జరిగిందనుకుని వినిగర్ ఇంకొంచెం పోస్తారు, మంట ఇంకొంచెం పెంచుతారు. దాంతో వచ్చింది కాస్తా చెడిపోతుంది. నిజానికి పావుకిలో రావడమే పని సరిగ్గా జరిగిందనడానికి గుర్తు. ఆ తేటలో గడ్డకట్టే సరుకు అంతే ఉంది. ఎందుకు అంతే ఉందో తెలియాలంటే ముందు చీజ్ ఏం పట్టుకుపోయిందో చూడాలి.

ఆవుపాలు లీటరులో దాదాపు 33 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అందులో 26, 27 గ్రాములు కేసిన్ అనే ఒకే కుటుంబానిది. పాలకు తెలుపు తెచ్చేదీ, చీజ్‌కు ఒళ్లు ఇచ్చేదీ అదే. కేసిన్ పాలలో కరిగి ఉండదు. కంటికి కనపడనంత చిన్న ఉండలుగా తేలుతూ ఉంటుంది. ఆ ఉండల మీద సన్నటి నూగు ఉంటుంది, ఆ నూగు వల్లనే అవి ఒకదానికొకటి అంటుకోకుండా దూరందూరంగా ఉంటాయి. చీజ్ చేసేటప్పుడు వేసే రెన్నెట్ అనే ఎంజైమ్ చేసే పని ఆ నూగును కత్తిరించడం. నూగు పోగానే ఉండలన్నీ అంటుకుని, మధ్యలో వెన్నను ఇరికించుకుని, గట్టి పెరుగులా తోడుకుంటాయి. ఈ పనికి గోరువెచ్చటి వేడి, అంటే 32 నుంచి 35 డిగ్రీలు చాలు.

మిగతా ఆరేడు గ్రాముల ప్రోటీన్ల సంగతి వేరు. అవి నిజంగానే నీళ్లలో కరిగి ఉంటాయి. రెన్నెట్ వాటిని ముట్టుకోదు. చీజ్ ముద్దను ముక్కలుగా కోసినప్పుడు కారే నీళ్లతో పాటు అవీ జారిపోతాయి. జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లు కొనే డబ్బాల మీద వే ప్రోటీన్ అని రాసి ఉండేది వీటి గురించే. ఇక్కడ వాటిని తేట ప్రోటీన్లు అందాం. వీటిలో సగం దాకా బీటా లాక్టోగ్లోబ్యులిన్ అనే ఒక్క ప్రోటీనే ఉంటుంది. రికోటా కథలో ముఖ్యపాత్ర దానిదే.

తేట ప్రోటీన్లకు రెన్నెట్ పట్టదు గానీ వేడి పడదు. ఈ సంగతి తెలుగువాళ్లకు పుస్తకం చదవకుండానే తెలుసు. ఈనిన గేదె మొదటి పూట పాలను బెల్లం వేసి ఆవిరి మీద పెడితే జున్ను కడుతుంది. అందులో తోడు లేదు, నిమ్మకాయ లేదు, రెన్నెట్ అసలే లేదు. ఒట్టి వేడికే గట్టిపడుతుంది. దూడకు రోగనిరోధక శక్తి ఇవ్వడానికి ఆ పాలలో ఇమ్యునోగ్లోబ్యులిన్లు కుప్పలుగా ఉంటాయి. అవీ తేట ప్రోటీన్ల కుటుంబమే. మామూలు పాలలో మూడు, మూడున్నర శాతం ఉండే మొత్తం ప్రోటీన్ మొదటి పూట జున్నుపాలలో పద్నాలుగు శాతం దాకా ఉంటుంది, అందులో సగానికి పైగా ఈ రకమే. అందుకే గిన్నె గిన్నెంతా గడ్డకడుతుంది. మూడు నాలుగు రోజులు గడిచాక పిండిన పాలు జున్ను కట్టవు, ఎందుకంటే తేట ప్రోటీన్లు అప్పటికి మామూలు మోతాదుకు పడిపోతాయి. రికోటా చేసేవాడు ఆ కొద్ది మోతాదు నుంచే, అదీ తొమ్మిది లీటర్లలో చెదిరిపోయినదాన్నుంచి, జున్నులాంటిదాన్ని ఏరుకోవాలి.

పనీరు నీళ్లతో ఎందుకు రాదు

ఇక్కడే మన వంటింటి ప్రశ్న ఒకటి వస్తుంది. పనీరు చేశాక మిగిలిన నీళ్లు కూడా తేటే కదా, దాన్ని మరిగిస్తే రికోటా రాదా? రాదు. వచ్చినా గరిటె అంచుకు అంటేంత వస్తుంది. కారణం తెలిస్తే రికోటా గుట్టు సగం తెలిసినట్టే.

మనం పనీరుకు పాలను ముందు బాగా కాస్తాం, పొంగు వచ్చేదాకా. తేట ప్రోటీన్లు డెబ్బై డిగ్రీలు దాటినప్పటి నుంచే రూపు కోల్పోవడం మొదలుపెడతాయి. దారపు ఉండలా ముడుచుకుని ఉన్న ప్రోటీన్ వేడికి విప్పుకుంటుంది, లోపల దాగి ఉన్న గంధకపు కొస బయటపడుతుంది, అది దొరికినదాన్ని పట్టుకుంటుంది. మామూలు పాలలో దానికి దొరికేది పక్కనే తేలుతున్న కేసిన్ ఉండ. పాలు కాగేసరికి తేట ప్రోటీన్లలో చాలా భాగం కేసిన్‌కు అతుక్కుని ఉంటుంది. తర్వాత నిమ్మరసం పిండగానే కేసిన్ విరిగి, వీటినీ వెంటేసుకుని పనీరులోకి పోతుంది. అంటే పనీరులో మనకు తెలియకుండానే రికోటా కూడా కలిసి ఉందన్నమాట. ఒకేసారి రెండూ తీసేసుకున్నాక మిగిలిన నీళ్లలో వెతికి లాభం లేదు.

పెరుగును గుడ్డలో కట్టి వేలాడదీస్తే కారే నీళ్లదీ ఇదే కథ. మనం పాలు కాచకుండా తోడుపెట్టం. కాచినప్పుడే తేట ప్రోటీన్లు కేసిన్‌ను పట్టుకున్నాయి, పెరుగులోనే ఉండిపోయాయి. పెరుగు గట్టిగా తోడుకోవడానికి పాలను బాగా కాచాలనడంలో ఉన్న కిటుకు కూడా ఈ అతుకుడే. చీజ్ చేసేవాళ్లు మాత్రం సరిగ్గా దీనికే భయపడతారు. బాగా మరిగిన పాలకు, దీర్ఘకాలం నిలవుండే టెట్రాప్యాక్ పాలకు రెన్నెట్ వేస్తే సరిగ్గా తోడుకోదు, ఎందుకంటే కేసిన్ ఉండల చుట్టూ ఈ ప్రోటీన్లు అడ్డుగా పేరుకుని ఉంటాయి. అందుకే వాళ్లు పచ్చిపాలు గానీ, 63 డిగ్రీల దగ్గర అరగంట ఉంచిన పాశ్చరైజ్డ్ పాలు గానీ వాడతారు. ఆ మాత్రం వేడికి తేట ప్రోటీన్లు పెద్దగా చెదరవు. చీజ్ తీశాక అవి తేటలో భద్రంగా ఉంటాయి.

ఒక్క మినహాయింపు చెప్పాలి. పనీరు నీళ్లు ఇంకా పాలలా తెల్లగా ఉన్నాయంటే పులుపు చాలలేదని అర్థం. అప్పుడు మళ్లీ కాచి ఇంకొంచెం నిమ్మరసం పిండితే తెల్లటి పలుకులు వస్తాయి. అది రికోటా కాదు, మొదటిసారి రావలసిన పనీరే ఆలస్యంగా వచ్చింది.

పొయ్యి మీద

పది లీటర్ల పచ్చి ఆవుపాలతో చీజ్ చేశారనుకుందాం. తొమ్మిది లీటర్ల తేట గిన్నెలో ఉంది, ఇంకా గోరువెచ్చగానే ఉంది. మొదటి నియమం: వెంటనే పొయ్యి మీద పెట్టాలి. చీజ్ కోసం వేసిన తోడులోని బాక్టీరియా తేటలో కూడా పని చేస్తూనే ఉంటుంది. చక్కెరను పులుపుగా మార్చుతూనే ఉంటుంది. తాజా తేట పీహెచ్ 6.4 దగ్గర ఉంటుంది. దాన్ని రాత్రంతా బయట వదిలేసి పొద్దున్నే కాస్తే, వేడెక్కే దారిలోనే ప్రోటీన్లు ఇసకలాంటి రవ్వలుగా ముడుచుకుంటాయి. అవి గుడ్డలోంచి జారిపోతాయి, మిగిలినవి నోట్లో గరగరలాడతాయి. గంటా రెండు గంటల్లోపు కాస్తే ఈ బాధ ఉండదు.

ముందు తేటను పల్చటి గుడ్డలో వడకట్టాలి. చీజ్ ముక్కల తునకలు అందులో ఉంటే అవి వేడికి రబ్బరు పలుకుల్లా మారి మెత్తటి రికోటాలో తగులుతాయి. అడుగు మందమైన గిన్నె కావాలి, మంట మధ్యస్థంగా ఉండాలి. తేట ప్రోటీన్లకు అడుగంటే గుణం ఎక్కువ. అడుగున పొరలా పేరుకుని మాడితే ఆ వాసన గిన్నె మొత్తానికీ పడుతుంది. కాబట్టి చెక్క గరిటెతో అడుగు తాకేలా నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. వేడి కొలిచే థర్మామీటరు లేకుండా ఈ పని చేయవచ్చు గానీ, మొదటి రెండు మూడుసార్లు ఉంటేనే మంచిది.

అరవై డిగ్రీల దాకా ఏమీ జరిగినట్టు కనపడదు. డెబ్బై అయిదు దాటాక తేట మసకబారుతుంది. ఎనభై దగ్గర దీపపు వెలుగులో చూస్తే సన్నటి తెల్లటి నలుసులు తిరుగుతుంటాయి. ప్రోటీన్లు విప్పుకుని ఒకదాన్నొకటి పట్టుకున్నాయి గానీ ఇంకా పెద్ద ముద్దలు కాలేదు. ఎందుకంటే ఈ పీహెచ్‌లో అన్నిటి మీదా రుణావేశం ఉంటుంది, ఒకటి దగ్గరకొస్తే మరొకటి నెట్టేస్తుంది. ఆ నెట్టుడు పోగొట్టడానికే పులుపు కావాలి. పులుపు ఆ ఆవేశాన్ని తగ్గిస్తుంది. బీటా లాక్టోగ్లోబ్యులిన్‌కు పీహెచ్ 5.2 దగ్గర ఆవేశం పూర్తిగా సమసిపోతుంది. అంత దూరం పోనవసరం లేదు. 5.6, 5.8 మధ్యకు దిగితే చాలు, నలుసులు కలిసి పెద్ద పెద్ద మబ్బు ముక్కలవుతాయి.

తొమ్మిది లీటర్లకు అయిదు శాతం వినిగర్ 70 మిల్లీలీటర్లు సుమారుగా సరిపోతుంది. కొంచెం అటూ ఇటూ, తేట అప్పటికే ఎంత పులిసిందన్నదాన్ని బట్టి. దాన్ని గ్లాసు నీళ్లలో కలిపి ఉంచుకోవాలి. 85 డిగ్రీలు రాగానే మంట బాగా తగ్గించి, వినిగర్ నీళ్లను సగం పోసి, గిన్నె చుట్టూ రెండు మూడు సార్లు మెల్లగా తిప్పి ఆగాలి. అర నిమిషం చూడాలి. ముద్దల మధ్య తేట ఇంకా పాలనీళ్లలా ఉంటే మరికొంచెం పోయాలి. మధ్యలోని నీళ్లు తేరుకుని పసుపు–ఆకుపచ్చగా కనపడ్డ క్షణంలో ఆపెయ్యాలి. సీసాలో మిగిలిన వినిగర్‌ను చూసి, కొలత రాసి ఉంది కదా అని పోయకూడదు. నిమ్మరసంతోనూ వస్తుంది, కానీ ఒక్కో కాయ పులుపు ఒక్కోలా ఉంటుంది. రుచిలో కూడా నిమ్మ తెలిసిపోతుంది. నా ఓటు వినిగర్‌కే.

పులుపు పోశాక గరిటె పక్కన పెట్టెయ్యాలి. చాలామంది పాడు చేసేది ఇక్కడే. ముద్దలు అప్పుడు చాలా సున్నితంగా ఉంటాయి. లోపల చిక్కుకున్న గాలి బుడగలూ, మిగిలిపోయిన కొద్దిపాటి కొవ్వూ వాటిని పైకి తేలుస్తాయి. తిప్పితే ముద్ద విరుగుతుంది, గాలి పోతుంది, పలుకులు అడుగుకు దిగుతాయి. తెర్లనిచ్చినా అంతే. మంట ఆర్పి, మూత సగం పెట్టి, పది పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచితే మీద తెల్లటి దుప్పటిలాంటి పొర ఏర్పడుతుంది. దాన్ని చిల్లుల గరిటెతో మెల్లగా ఎత్తి గుడ్డ పరిచిన జల్లెడలో వేసుకోవాలి. గిన్నెను ఒక్కసారిగా జల్లెడలోకి వంచేస్తే మెత్తటి పలుకులు గుడ్డ కంతలను మూసేస్తాయి, నీళ్లు గంటల తరబడి దిగవు. గుడ్డ కూడా మల్లుగుడ్డలా సన్న నేతది కావాలి. టీ వడపోత జల్లెడకు ఇది ఆగదు.

గుడ్డను పిండకూడదు. అరగంట ఓడితే స్పూనుతో తినేలా మెత్తగా ఉంటుంది, మూడు నాలుగు గంటలు ఓడితే ముక్కగా నిలబడుతుంది. తూకం మాత్రం ఎంతసేపు ఓడనిచ్చారన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఒకరికి తొమ్మిది లీటర్లకు 350 గ్రాములు వచ్చిందని, మనకు 250 వచ్చిందని బాధపడేముందు వాళ్ల రికోటా ఎంత తడిగా ఉందో అడగాలి. తేడా చాలాసార్లు నీళ్లదే.

లెక్క చూస్తే

తొమ్మిది లీటర్ల తేటను పూర్తిగా ఆరబెట్టామనుకుంటే అడుగున మిగిలే పొడి దాదాపు 580 గ్రాములు. వినడానికి బాగానే ఉంది. కానీ అందులో 430 గ్రాములు లాక్టోజ్, అంటే పాల చక్కెర. వేడికీ పులుపుకీ అది గడ్డకట్టదు, నీళ్లలోనే ఉండిపోతుంది. మరో 50 గ్రాములు ఉప్పులు. వాటిదీ అదే దారి. పులుపు ఎంత పోసినా ఈ రెండింటిలో చెంచాడు కూడా పైకి తేలదు.

ఇక ప్రోటీన్. మొత్తం 70 గ్రాములని కాగితం మీద కనపడుతుంది. అందులోనూ అంతా మనకు దక్కదు. రెన్నెట్ కత్తిరించిన నూగు ఉంది చూశారూ, అదీ తేటలోకే వచ్చి చేరింది. పరీక్ష చేస్తే ప్రోటీన్ ఖాతాలోనే పడుతుంది, కానీ వేడికి చలించదు. ప్రోటియోస్ పెప్టోన్లు అనే ఇంకొన్ని చిన్న తునకలు కూడా అంతే. యూరియా లాంటి నత్రజని పదార్థాలు కొన్ని ఉంటాయి, అవి ప్రోటీనే కాదు. ఇవన్నీ పోగా వేడికి గడ్డకట్టేవి యాభై గ్రాములకు కాస్త అటూ ఇటూ. అందులో కొన్ని సన్నటి నలుసులుగా గుడ్డ దాటిపోతాయి. చివరికి నలభై గ్రాములు పట్టుకోగలిగితే మంచి పనితనమే. కొవ్వు చీజ్‌లోకి పోగా తేటలో మిగిలింది పాతిక గ్రాములు. అందులో ఇరవై దాకా ముద్దల్లో చిక్కుకుని వస్తుంది.

నలభై ప్రోటీన్, ఇరవై కొవ్వు, ముద్దలో నిలిచిన నీళ్లతో పాటు వచ్చే చక్కెర, ఉప్పులు ఓ పది పన్నెండు గ్రాములు. మొత్తం డెబ్బై గ్రాముల పైచిలుకు. రికోటాలో నూటికి డెబ్బై అయిదు వంతులు నీళ్లే కాబట్టి ఆ డెబ్బై గ్రాములు నీళ్లను పట్టుకుని 280 గ్రాముల ముద్ద అవుతుంది. మన పావుకిలో అలా వచ్చింది. తేట బరువులో మూడు శాతం. ఆ నీళ్లే లేకపోతే కనపడే సరుకు గుప్పెడే. రికోటాకు ఉప్పు వేయకుండానే ఉండే ఆ లేత తీపి కూడా ఆ నీళ్లతో వచ్చిన చక్కెరదే.

ఇదే తేటను పెద్ద డెయిరీలు కాచవు. చాలా సన్నటి రంధ్రాల పొరల గుండా చల్లగా వడకట్టి, చక్కెరను, నీళ్లను ఒకవైపు పంపి ప్రోటీన్‌ను చిక్కబరిచి పొడి చేస్తాయి. గడ్డకట్టనివి కూడా అందులో చాలావరకు దొరుకుతాయి. అయినా తొమ్మిది లీటర్ల నుంచి వచ్చేది జిమ్ డబ్బా కొలత స్పూనుతో రెండు, మహా అయితే రెండున్నర. యంత్రానికైనా లేనిది ఎక్కడి నుంచి వస్తుంది?

గొర్రెపాలైతే సంగతి వేరు. వాటిలో ప్రోటీన్ అయిదున్నర శాతం దగ్గర ఉంటుంది, కొవ్వూ ఎక్కువే, తేట కూడా ఆ మేరకు చిక్కగా ఉంటుంది. కాబట్టి అదే పరిమాణం తేటకు ఆవుపాలకంటే బాగా ఎక్కువ రికోటా వస్తుంది. రోమ్ దగ్గరే కాదు, కోర్సికాలో బ్రోచ్చు, గ్రీసులో మిజిత్రా, సైప్రస్‌లో అనారి లాంటి తేట చీజులన్నీ గొర్రెలూ మేకలూ ఉన్న కొండ నేలల్లోనే పుట్టాయంటే ఇదొక కారణం. మన దక్కనీ గొర్రెల్ని మాంసానికే పెంచుతాం, పాలు పిల్లలకే చాలవు. మనకు దగ్గరి దారి గేదెపాలు. వాటి తేట ఆవుపాల తేటకంటే కాస్త చిక్కన, కొవ్వు కూడా ఎక్కువ జారుతుంది. నేపుల్స్ దిక్కున గేదెపాల మొజరెల్లా చేసేవాళ్లు ఆ తేటతో రికోటా తీసి విడిగా అమ్ముతారు.

పాలు కలిపితే

రాబడి పెంచడానికి అందరూ చెప్పే చిట్కా ఒకటుంది: తేట అరవై డిగ్రీలు దాటాక దానిలో పదో వంతు పాలు పోయడం. తొమ్మిది లీటర్ల తేటకు లీటరు పాలు పోస్తే రికోటా నిజంగానే రెట్టింపవుతుంది. కానీ ఆ రెట్టింపు తేటలోంచి రాలేదు. లీటరు పాలలో ప్రోటీనూ కొవ్వూ కలిసి డెబ్బై గ్రాములుంటాయి. అంతా ముద్దలోకి చేరి, నీళ్లు పట్టుకుని, ఇంకో 280 గ్రాములవుతుంది. అంటే తేట రికోటాకు పక్కన లీటరు పాల మెత్తటి పనీరు చేరింది. దీన్ని మోసం అనను. ఇటలీలో కూడా చాలామంది చేస్తారు. పాలు కలిపితే ముద్ద గట్టిగా తేలుతుంది, గరిటెకు తేలిగ్గా వస్తుంది. తేటలోని నలుసుల్ని కేసిన్ తనలో కలుపుకోవడం వల్ల గుడ్డ దాటిపోయేవి తగ్గుతాయి కూడా. కాకపోతే పులుపు కొంచెం ఎక్కువ పడుతుంది, కేసిన్‌ను కూడా విరవాలి కాబట్టి. తేట మీద లాభం ఎంతో తెలుసుకోవాలనుకునేవాళ్లు మాత్రం పాలు కలపని గిన్నెతోనే లెక్క వేసుకోవాలి.

దుకాణంలో రికోటా డబ్బా కొనేటప్పుడు వెనక పదార్థాల వరుస చదవండి. మొదట పాలు, తర్వాత పులుపు అని ఉండి తేట ప్రస్తావనే లేకపోతే, మీరు కొంటున్నది ఓడకుండా మెత్తగా ఉంచిన పనీరు. తినడానికి బాగానే ఉంటుంది. ధర మాత్రం పనీరుకంటే ఎక్కువ ఎందుకుండాలో అడగవచ్చు.

తప్పులు కంటికే చెప్తాయి. ముద్ద తీశాక మిగిలిన నీళ్లు తెల్లగా ఉంటే పులుపో వేడో చాలలేదు. ఇంకో రెండు మూడు డిగ్రీలు పెంచి, ఇంకో చెంచా వినిగర్ వేసి చూడవచ్చు. నీళ్లు గాజులా తేరి ఉండి, ముద్ద ఇసకలా, పుల్లగా ఉంటే పులుపు దాటిపోయింది. దాన్ని వెనక్కి తేలేం, చపాతీ పిండిలో కలిపెయ్యాలి. పలుకులు తేలకుండా అడుగున కూర్చుంటే తిప్పడం ఎక్కువైంది, లేదా తెర్లింది, లేదా తేట పాతది. నీళ్లు తేరి ఉన్నాయి, తేలిన పొర మాత్రం పల్చగా ఉంది, మీరు వాడింది కాచిన పాలతో చేసిన చీజ్ తేట, అయితే తప్పు పొయ్యి దగ్గర జరగలేదు, పాల దగ్గరే జరిగింది. రికోటాలో నీరెక్కువ, పులుపు తక్కువ. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు మించి ఉంచకండి. జిగురు కనపడినా, చేదు తగిలినా పారెయ్యాలి.

రికోటా తీశాక మిగిలిన ఎనిమిదిన్నర లీటర్లలో చక్కెర దాదాపు మొత్తం అలాగే ఉంటుంది. ఇటలీలో దాన్ని పందులకు పోసే అలవాటుంది. ఆ చక్కెరను కూడా వదలనిది నార్వేవాళ్లు. వాళ్లు తేటను వడకట్టరు, గంటల తరబడి మరిగించి నీళ్లన్నీ ఇగరగొట్టి, చక్కెర గోధుమ రంగుకు తిరిగేదాకా కలియతిప్పి, బ్రూనోస్ట్ అనే తియ్యటి గోధుమరంగు చీజ్ చేస్తారు. కోవా చేసినట్టే ఓపిక కావాలి. అందులో రాబడి ఎక్కువ, కానీ అది పోసిన గ్యాసుకు దక్కిన ఫలం.

గ్యాసు మాట వచ్చింది కాబట్టి ఆ లెక్క కూడా. గోరువెచ్చటి తొమ్మిది లీటర్ల తేటను 85 డిగ్రీలకు తేవడానికి ఇంటి పొయ్యి మీద 75, 80 గ్రాముల గ్యాసు పడుతుంది. 280 గ్రాముల రికోటాకు ఇది చౌకే. అదే తేటను చల్లారనిస్తే ఖర్చు పెరుగుతుంది, సరుకూ చెడుతుంది. లీటరు, రెండు లీటర్ల పాలతో సరదాగా చీజ్ చేసినవాళ్లు మాత్రం ఈ పనికి దిగనక్కర్లేదు. లీటరున్నర తేటకు వచ్చేది నలభై అయిదు గ్రాములు, అందులో నాలుగో వంతు గుడ్డకే అంటుకుంటుంది. ఆ తేటను చపాతీ పిండి తడపడానికో, పప్పులో నీళ్లకు బదులుగానో వాడితే చక్కెరా, ఉప్పులూ, ప్రోటీనూ అన్నీ కడుపులోకే పోతాయి. గుడ్డ ఉతికే పని కూడా ఉండదు.